సంతకం కాదు... సాక్ష్యం!

'మేడమ్, లెటర్ నేనే రాసి తెచ్చాను. మీరో సంతకం పెట్టేస్తే చాలు...'

పెద్దాసుపత్రుల్లో కన్సల్టెంట్లకు అలవాటైన మాటే ఇది. అమెరికాలో రెసిడెన్సీకి దరఖాస్తు చేసే డాక్టర్లకు పరీక్షల స్కోర్లతో పాటు, తమ పనిని దగ్గరుండి చూసిన సీనియర్ల సిఫారసు లేఖలూ కావాలి. ఆ లేఖ అభ్యర్థి చేతికి రాదు. రాసినవారే 'ఈరాస్' పోర్టల్‌లోకి నేరుగా ఎక్కించాలి. దాన్ని చూసే హక్కు వదులుకుంటున్నట్లు చాలామంది అభ్యర్థులు ముందే ఒప్పుకుంటారు. చూడనని చెప్పిన లేఖను తనే రాసుకుంటే? అది మోసమే కదా!

మరి కన్సల్టెంట్ ఏం రాయాలి? జవాబు రొటేషన్‌లో రాసుకున్న నోట్సులోనే ఉంటుంది. హైదరాబాద్‌లో ఓ జనరల్ మెడిసిన్ కన్సల్టెంట్ దగ్గర ఓ కుర్రడాక్టరు మూణ్నెల్లు పనిచేశాడనుకుందాం. ఆవిడ నోట్సు ఇలా ఉంది.

రెండోవారం: 'కేసు చెప్పడం సాగదీస్తున్నాడు. అసలు సమస్య చివర్లో చెబుతున్నాడు.'

ఆరోవారం: 'నైట్ డ్యూటీ. డీకేఏ కేసు. పొటాషియం 2.9. ఇన్సులిన్ ఆపి, ముందు పొటాషియం ఎక్కించాడు. వెంటనే నాకు ఫోన్ చేశాడు.'

పదోవారం: 'మూడు నిమిషాల్లో కేసు చెప్పాడు. సమస్యే మొదట.'

డీకేఏ అంటే షుగర్ బాగా అదుపుతప్పి రక్తంలో ఆమ్లాలు పేరుకోవడం. దానికి ఇన్సులిన్ ఇవ్వాల్సిందే. కానీ అది పొటాషియాన్ని రక్తంలోంచి కణాల్లోకి నెట్టేస్తుంది. అసలే తక్కువున్న పొటాషియం ఇంకా పడిపోతే గుండె లయ తప్పి ప్రాణాలకే ముప్పు. ఆ రాత్రి ఏం జరిగిందో నాలుగు వాక్యాల్లో రాస్తే చాలు... 'చక్కని నిర్ణయశక్తి ఉంది' అని వేరే చెప్పక్కర్లేదు. రోగి పేరు, తేదీ, పడక నంబరు మాత్రం ఉండకూడదు.

అసలు చిక్కు రెండోవారం నోటుతోనే. కుర్రాడి భవిష్యత్తు కదా, వదిలేద్దామనిపిస్తుంది. కానీ పదోవారం నోటు పక్కన పెడితే ఆ లోపమే బలంగా మారుతుంది. తప్పు చెబితే రెండు నెలల్లో దిద్దుకున్నాడని తెలుస్తుంది. కొత్తచోట మళ్లీ శిక్షణ ఇవ్వబోయేవారికి కావాల్సింది అదే.

ఎన్నాళ్లు, ఏ హోదాలో చూశారన్నది లేఖ మొదట్లోనే చెప్పాలి. 'నేను చూసినవాళ్లలో మేటి' అంటే సరిపోదు, ఎంతమందిలోనో చెప్పాలి. చూడనిది రాయకూడదు. పరిశోధన గురించి నోట్సులో లేకపోతే లేఖలోనూ ఉండదు.

ఒకవేళ పదోవారం నోటు లేకపోతే? దిద్దుకున్నాడని కల్పించి రాయకూడదు. 'బలమైన లేఖ ఇవ్వలేను బాబూ, నీ పని బాగా చూసిన మరొకరిని అడుగు' అని గడువుకు చాలా ముందే చెప్పేయాలి. వినడానికి కష్టంగానే ఉంటుంది. కానీ మొక్కుబడి లేఖకన్నా ఆ మాటే కుర్రాడికి మేలు చేస్తుంది.