ఎప్పుడొస్తుందో తెలియని సరుకుకు ఎంత నిల్వ ఉంచాలి?

ఆర్డర్ పెట్టిన రోజు నుంచి సరుకు వాడకానికి సిద్ధమయ్యే రోజు దాకా పట్టే కాలాన్ని లీడ్ టైమ్ అంటారు. ఈలోగా వాడకం అనుకున్నదానికంటే పెరగవచ్చు, లేదా సరుకు రావడమే ఆలస్యం కావచ్చు. ఏది జరిగినా పని ఆగకుండా గోడౌన్‌లో అదనంగా ఉంచుకునే సరుకే సేఫ్టీ స్టాక్. వాడకం ఎంత పెరుగుతుంది, ఎంత తగ్గుతుంది అని కంపెనీల్లో నెలనెలా మీటింగులు పెట్టి తలలు బద్దలుకొట్టుకుంటారు. లీడ్ టైమ్‌ను మాత్రం ఎప్పుడో ఒకసారి కంప్యూటర్‌లో ఒక అంకెగా నింపి వదిలేస్తారు. సప్లయర్‌కు నిలకడ లేని చోట సేఫ్టీ స్టాక్‌లో సింహభాగాన్ని మింగేది ఆ పట్టించుకోని అంకె వెనకున్న హెచ్చుతగ్గులే.

హైదరాబాద్ చుట్టుపక్కల మాత్రలు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి ఉందనుకుందాం. దానికి కావలసిన ముడి మందు చైనా నుంచి ఓడలో ముంబై దగ్గరి న్హవా శేవా పోర్టుకు వచ్చి, అక్కడి నుంచి రైలులోనో లారీలోనో హైదరాబాద్ చేరుతుంది. ఫ్యాక్టరీ రోజుకు సగటున 100 కిలోలు వాడుతుంది. ఒక రోజు 80, మరో రోజు 120 అన్నట్టుగా ఆ వాడకం సగటు నుంచి దాదాపు 20 కిలోలు అటూఇటూ ఊగుతుంది. ఈ ఊపునే గణాంకశాస్త్రంలో ప్రామాణిక విచలనం అంటారు.

సప్లయర్ గడియారంలా నడుస్తూ, ప్రతి ఆర్డర్‌నూ సరిగ్గా 30 రోజులకు అందిస్తాడనుకుంటే లెక్క తేలిక. ముప్ఫై రోజుల వాడకంలో ఉండే ఊపు ఒక రోజు ఊపుకు ముప్ఫై రెట్లు కాదు, 30 వర్గమూలం రెట్లు మాత్రమే, అంటే సుమారు ఐదున్నర రెట్లు. ఒక రోజు ఎక్కువ వాడితే మరో రోజు తక్కువ వాడతారు, చాలావరకు చెల్లుకు చెల్లు అయిపోతుంది. కాబట్టి నెల మొత్తానికి ఊపు 110 కిలోలు. నూటికి తొంభై అయిదు ఆర్డర్లలో సరుకు నిండుకోకూడదనుకుంటే దాన్ని 1.65తో గుణించాలి. సుమారు 180 కిలోలు వస్తుంది. రెండు రోజుల వాడకం కూడా లేని ఈ నిల్వ గోడౌన్‌లో ఒక మూలకు సరిపోతుంది.

ఇక స్టోర్స్ రిజిస్టర్ తెరిస్తే గత పది ఆర్డర్లకు పట్టిన రోజులు ఇలా ఉన్నాయనుకుందాం: 24, 25, 26, 25, 48, 27, 24, 26, 50, 25. సగటు సరిగ్గా 30 రోజులే. తమాషా ఏమిటంటే ముప్ఫయ్యో రోజున వచ్చిన ఆర్డర్ ఒక్కటీ లేదు. అయినా కంప్యూటర్‌లో కూర్చున్నది ఆ 30యే. ఈ పది అంకెల ప్రామాణిక విచలనం సుమారు 10 రోజులు. రెండు రకాల ఊపులనూ కలిపి లెక్కించడానికి వాడే సూత్రం ఇది:

```
SS = z × √( L × σd² + d² × σL² )
```

ఇందులో d రోజువారీ సగటు వాడకం, σd దాని ఊపు, L సగటు లీడ్ టైమ్, σL లీడ్ టైమ్ ఊపు, z పైన చెప్పిన 1.65. అంకెలు వేస్తే వర్గమూలం లోపలి మొదటి భాగం 12,000, రెండో భాగం 10,00,000. సేఫ్టీ స్టాక్ దాదాపు 1,660 కిలోలు తేలుతుంది. సగటు మారలేదు, వాడకం మారలేదు, నిల్వ మాత్రం తొమ్మిది రెట్లయింది.

అంత తేడా ఎందుకంటే, వాడకంలోని ఊపుకు ఉన్న చెల్లు ఆలస్యానికి లేదు. పది రోజులు ఆలస్యమైతే ఆ పది రోజులూ ఒక్కొక్కటి నిండుగా 100 కిలోలు తింటుంది, వెయ్యి కిలోలు పోతాయి. అందుకే సూత్రంలో రోజుల ఊపు పక్కన రోజువారీ మొత్తం వాడకమే వర్గమై నిలుస్తుంది. ఎంత నిలకడగా, ఎంత పెద్ద మొత్తంలో వాడే సరుకైతే ఆలస్యం అంత ఖరీదు. ఎప్పుడో ఒకసారి వాడే సరుకు విషయంలో ఇదే ఆలస్యం పెద్దగా నొప్పించదు.

దీని నుంచి వచ్చే ఫలితాలు కొన్ని మామూలు ఆలోచనకు ఎదురు నడుస్తాయి. వాడకం అంచనాలను ఎంతో కష్టపడి మెరుగుపరిచి, రోజువారీ ఊపును 20 నుంచి 10 కిలోలకు దించినా సేఫ్టీ స్టాక్ 1,660 నుంచి 1,652కు మాత్రమే తగ్గుతుంది. సగటు లీడ్ టైమ్‌ను సగానికి, 15 రోజులకు తెచ్చి, ఊపును అలాగే వదిలేసినా 1,655 కిలోలే. ఊపును 10 నుంచి 5 రోజులకు తగ్గిస్తే మాత్రం ఒక్క దెబ్బతో 845కు పడిపోతుంది. నలభై రోజులు తీసుకునే మరో సప్లయర్ రెండు రోజుల కంటే ఎక్కువ ఊగడనుకుంటే అతనితో 390 కిలోలు చాలు. ఆర్డర్ పెట్టాల్సిన మట్టం, అంటే లీడ్ టైమ్‌లో వాడే సరుకూ సేఫ్టీ స్టాకూ కలిపిన మొత్తం, పాత సప్లయర్‌తో 4,660 కిలోలైతే ఈ నెమ్మది మనిషితో 4,390. అయితే పది రోజులు ఎక్కువ ప్రయాణించే సరుకు మీద ముందే డబ్బు కట్టాల్సి వస్తే ఆ వడ్డీని కూడా లెక్కలో వేయాలి. కొనుగోలు విభాగాలు కొటేషన్లలో ధరనూ రోజులనూ పోలుస్తాయి. ఊపు కాలమ్ మాత్రం ఆ పట్టికల్లో అరుదుగా కనిపిస్తుంది.

ఇంత చెప్పిన సూత్రాన్ని కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఆర్డర్ పెట్టే మట్టం 4,660 కిలోలంటే సగటు వాడకంతో 46 రోజులు దాటి వస్తుంది. రిజిస్టర్‌లో 48, 50 రోజుల ఆర్డర్లున్నాయి. నూటికి తొంభై అయిదు అని మాటిచ్చిన నిల్వ పదింటిలో రెండుసార్లు చేతులెత్తేస్తుంది. కారణం, ఆ 1.65 అనే గుణకం లీడ్ టైమ్ సగటుకు రెండువైపులా సమంగా, గంట ఆకారంలో పరుచుకుని ఉంటుందనే నమ్మకం మీద నిలబడింది. నిజమైన లీడ్ టైమ్ అలా ఉండదు. చాలా ఆర్డర్లు ఒకచోట గుంపుగా ఉంటాయి, కొన్ని మాత్రం కుడివైపు దూరంగా తోకలా సాగిపోతాయి. సరుకు తయారీకి, ప్రయాణానికి పట్టే కనీస కాలం కంటే ముందు రావడం అసాధ్యం, ఆలస్యానికి మాత్రం హద్దు లేదు.

ఇలాంటి రిజిస్టర్ ముందు పెట్టుకున్నప్పుడు సగటూ విచలనమూ లెక్కించే కంటే ముందు ఆ పది అంకెలనూ ఒక గీత మీద చుక్కలుగా పెట్టి చూడటం మేలు. ఇక్కడ ఉన్నది ఒక ఊపు కాదు, రెండు వేర్వేరు కథలు. ఎనిమిది ఆర్డర్లు 24 నుంచి 27 రోజుల మధ్య వచ్చాయి. మిగతా రెండింటికి ఏదో జరిగింది: ఓడ తప్పిపోయి తర్వాతి ఓడ ఎక్కి ఉండవచ్చు, కాగితాల్లో తప్పు వల్ల పోర్టులో మందుల నియంత్రణ అధికారుల క్లియరెన్స్ దగ్గర ఆగి ఉండవచ్చు. ఆ కారణం ఏమిటో కనుక్కుని తొలగించగలిగితే, మిగిలిన ఎనిమిదింటి సగటు 25 రోజుల పైచిలుకు, ఊపు సుమారు ఒక రోజు. అప్పుడు సేఫ్టీ స్టాక్ 240 కిలోల దగ్గర ఆగుతుంది. తొలగించడం చేతకాకపోతే సూత్రాన్ని పక్కన పెట్టి, 50 రోజుల ఆర్డర్‌ను తట్టుకునేలా నిల్వ పెట్టాలి, లేదా ఆలస్యమని తేలగానే కొంత సరుకును విమానంలో రప్పించే ఖర్చుకు సిద్ధపడాలి.

ముందే తెలిసిన ఆలస్యాన్ని ఊపు ఖాతాలో వేయడం మరో పొరపాటు. చైనా కొత్త సంవత్సరం జనవరి చివరనో ఫిబ్రవరిలోనో వస్తుంది, ఫ్యాక్టరీలు రోజుల తరబడి మూతబడతాయి. అక్టోబర్ మొదటి వారంలోనూ సెలవులే. వీటిని క్యాలెండర్ చెబుతుంది కాబట్టి ముందుగా ఆర్డర్ పెడితే సరిపోతుంది, ఏడాది పొడవునా అదనపు నిల్వ మోయనక్కర్లేదు. 2023 చివర ఎర్ర సముద్రంలో నౌకలపై దాడులు మొదలయ్యాక యూరప్, ఆసియా మధ్య తిరిగే చాలా ఓడలు ఆఫ్రికా కొస చుట్టి రావడం మొదలుపెట్టాయి. ఆ చుట్టు మార్గానికి పది రోజులో అంతకంటే ఎక్కువో అదనంగా పడతాయి. ఏ ఓడ ఏ దారిన వస్తుందో తెలియని వారాల్లో యూరప్ సరుకుకు ఊపు పెరుగుతుంది. షిప్పింగ్ కంపెనీలు కొత్త దారికే షెడ్యూళ్లు వేసుకున్నాక పెరిగినది ప్రధానంగా సగటు. ఈ రెండు దశలకూ కావలసిన నిల్వలు వేరు.

లెక్కకు ఆధారమైన తేదీలు తప్పయితే మిగతాదంతా వృథా. చాలాచోట్ల సప్లయర్ ఇన్వాయిస్ తేదీ నుంచి గేటు దాటిన తేదీ వరకే లెక్కిస్తారు. మందుల ఫ్యాక్టరీలో గేటు దాటిన డ్రమ్ము ముందు క్వారంటైన్‌లోకి వెళుతుంది, క్వాలిటీ కంట్రోల్ వాళ్లు శాంపిల్ తీసి పరీక్షించి విడుదల చేసేదాకా ఒక్క గ్రాము కూడా వాడకూడదు. ఆ రోజులు కూడా లీడ్ టైమే, వాటికీ ఊపు ఉంటుంది. సప్లయర్‌ను తిట్టుకుంటున్న ఆలస్యంలో కొంత భాగం సొంత ల్యాబ్‌లోనే దొరకడం అరుదేమీ కాదు. సరుకు సగం ఒకసారి, సగం మరోసారి వస్తే మొదటి విడత తేదీతో ఆర్డర్ ముగిసినట్టు రాసుకోవడం ఊపును దాచేస్తుంది. ముందుగా వచ్చిన ఆర్డర్లు మాత్రం దీనికి తిరగబడి విచలనాన్ని పెంచుతాయి. వాటివల్ల సరుకు నిండుకోదు, గోడౌన్ నిండుతుంది.

రెండో సప్లయర్‌ను పెట్టుకోవడం సహజంగా తోచే పరిష్కారం. మందుల రంగంలో కొత్త సప్లయర్‌ను తనిఖీ చేసి, అతని సరుకుతో ట్రయల్ బ్యాచ్‌లు తీసి, అనుమతులు తెచ్చుకోవడానికి నెలలు పడుతుంది. ఇద్దరూ ఒకే ముడిసరుకును ఒకేచోట కొనేవాళ్లయితే ఇద్దరూ ఒకేసారి ఆలస్యం చేస్తారు. పైగా ఊపులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివని సూత్రం అనుకుంటుంది. జ్వరాల సీజన్లో వాడకం పెరిగేదీ, సప్లయర్ దగ్గర ఆర్డర్లు పేరుకుపోయి సరుకు ఆలస్యమయ్యేదీ తరచు ఒకే సమయంలో. అప్పుడు సూత్రం చెప్పిన నిల్వ చాలదు.

ఉంచిన నిల్వ సరిపోతోందో లేదో తెలుసుకోవడానికి, కొత్త సరుకు విడుదలైన రోజున పాతది ఎంత మిగిలిందో ప్రతిసారీ రాసిపెట్టాలి. ఊపు సమంగా ఉంటే ఆ మిగులు సేఫ్టీ స్టాక్ చుట్టూ అటూఇటూ ఉండాలి. ఈ ఫ్యాక్టరీలో అలా కనిపించదు. పదింటిలో ఎనిమిదిసార్లు సరుకు 25 రోజులకే వచ్చి, 2,000 కిలోలకు పైగా మిగిలి ఉంటుంది. వరుసగా కొన్ని నెలలు ఆ కుప్పను చూసిన మేనేజర్‌కు డబ్బు ఊరికే నిలిచిపోయిందనిపించి, ఆర్డర్ పెట్టే మట్టాన్ని వెయ్యి కిలోలు తగ్గిస్తాడు. మిగిలిన 3,660 కిలోలు 36 రోజులకు మించి రావు. తర్వాతి ఆర్డర్ 48 రోజులదైతే మాత్రల మెషీన్లు దాదాపు పదకొండు రోజులు ఆగుతాయి.