అరవైది నలభై: జూన్ బజారులో ప్రాస పలికే ధర

మే నెల ఆఖరి వారం వచ్చిందంటే వీధుల్లో మైకు కట్టిన ఆటోలు తిరగడం మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. ఒకటో తారీఖు జీతం చేతికి రావడానికీ, పిల్లవాడు కొత్త బ్యాగు తగిలించుకుని గుమ్మం దిగడానికీ మధ్య ఉన్నది పది పన్నెండు రోజులే. నోటు పుస్తకాలు, అట్టలు, లేబుళ్లు, కంపాస్ బాక్సు, లంచ్ బాక్సు, వాటర్ బాటిల్, బ్యాగు అన్నీ ఆ కొద్ది రోజుల్లోనే కొనాలి. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఆ జాబితా చూస్తేనే గుండె జారుతుంది. ఆటో మైకులో వినిపించే ప్రాస మాటలు ఆ భయాన్నే పలకరిస్తాయి. అందుకే వాటి తయారీని కాస్త దగ్గరగా చూడాలి.

ప్రాస మన చెవికి కొత్త కాదు. ‘అప్పు చేసి పప్పు కూడు’ అన్న సామెతను ఎవరూ కూర్చుని బట్టీ పట్టలేదు. అప్పు, పప్పు అన్న రెండు మాటల్లో రెండో అక్షరం ఒక్కటే కావడంతో ఒకటి తలచుకుంటే రెండోది దానంతటదే వస్తుంది. పైగా ఆ సామెత చెప్పదలచిన సంగతంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. నినాదం రాసేవాళ్లు ముందుగా గమనించాల్సింది ఇదే. ప్రాస పడిన మాటే జనం మనసులో మిగులుతుంది, మిగతాది గాలికి పోతుంది. కాబట్టి ఏ సంగతి మిగలాలో దాని మీదే ప్రాస పడాలి.

చాలా కరపత్రాల్లో జరిగేది దీనికి తలకిందులు. ‘రండి రండి, కొనండి, మీ పిల్లల్ని చదివించండి’ అని రాస్తారు. చివర ‘ండి’ నాలుగుసార్లు మోగుతుంది కానీ ఏ దుకాణమో, ఏ వస్తువో, ఎంతకో తెలియదు. తెలుగులో క్రియల చివర ‘ండి’, బహువచనాల చివర ‘లు’, విభక్తుల్లో ‘కే’, ‘లో’ ఎప్పుడూ చేతికి అందుతూనే ఉంటాయి. వాటితో అంత్యప్రాస కట్టడం తేలిక, అంత తేలిగ్గానే మరిచిపోతారు కూడా. ఆ నినాదంలో ఒక్క మాట మారిస్తే చీరల దుకాణానికీ సరిపోతుంది. ప్రత్యయాల మీద కాకుండా అసలు మాటల మీద పడిన ప్రాసే నిలుస్తుంది.

ఒక దుకాణాన్ని ఊహించుకుందాం. మధ్య తరగతి పేటలో, బస్టాండుకు దగ్గరలో ఉన్న చిన్న స్టేషనరీ షాపు. ఈ సీజన్‌లో అమ్మదలచిన ముఖ్యమైన సరుకు లాంగ్ నోటు పుస్తకం. దాని మీద ముద్రించిన ఎమ్మార్పీ 60 రూపాయలు. హోల్‌సేల్‌లో 36కి కొన్నారు, 40కి అమ్మాలనుకుంటున్నారు. డజను తీసుకుంటే 480, అందులో దుకాణానికి మిగిలేది 48. ఫ్లెక్సీ రాయించడానికి కూర్చున్న యజమానికి ముందుగా తట్టేది బహుశా ఇలా ఉంటుంది: ‘అన్నీ సగం ధరకే, ఆనందం మీ ఇంటికే’.

వినడానికి బాగానే ఉంది. కానీ సగం ధర అంటే 30 రూపాయలు. ఆ లెక్కన పుస్తకానికి 6 చొప్పున డజనుకు 72 రూపాయల నష్టం. ఆ నష్టం ఎవరూ భరించరు గనక మాటే అబద్ధం కావాలి. ‘అన్నీ’ అన్న మాటతో చిక్కు ఇంకా పెరుగుతుంది. కంపాస్ బాక్సు మీద, బ్యాగు మీద సగం తగ్గించలేదు కదా అని కౌంటరు దగ్గర ఒక తల్లి నిలదీస్తే జవాబు ఉండదు. ‘ఇంటికే’ అన్న మాటకు జత కుదరాలని ‘ధరకే’ వచ్చింది, ‘ధరకే’ కోసం ‘సగం’ వచ్చింది. మోసం చేద్దామన్న ఆలోచన ఎవరికీ లేకపోయినా ప్రాసే చెయ్యి పట్టుకుని అబద్ధం దాకా లాక్కుపోయింది.

మరి నిజమైన ధరకే ప్రాస కుదరదా? కుదురుతుంది. తెలుగు అంకెల్లో ఆ సౌకర్యం సహజంగానే ఉంది. పదుల పేర్లు ఇరవై నుంచి తొంభై దాకా అన్నీ ‘ఐ’ మీదే ఆగుతాయి. ఇంకొంచెం చెవి పెట్టి వింటే వాటిలో రెండు జట్లు కనిపిస్తాయి. ఇరవై, నలభై, అరవై, ఎనభై ఒక జట్టు. వాటిలో రెండు లఘువుల మీద ఒక గురువు వస్తుంది. ముప్పై, యాభై, డెబ్బై, తొంభై రెండో జట్టు, వాటిలో రెండూ గురువులే. పాత ధరా కొత్త ధరా ఒకే జట్టువైతే మాట తాళం వేసినట్టు పడుతుంది. ‘అరవైది నలభై’, ‘ఎనభైది అరవై’, ‘తొంభైది డెబ్బై’ అని పైకి అని చూడండి. ‘తొంభైది అరవై’ దగ్గర నాలుక కాస్త తడబడుతుంది. మన దుకాణంలోని 60, 40 అదృష్టవశాత్తూ ఒకే జట్టు. ‘అరవైది నలభై’ అన్న రెండే మాటల్లో ఎమ్మార్పీ, అమ్మకం ధర, తగ్గింపు మూడూ వచ్చేశాయి. పుస్తకం తిప్పి చూసి ఎవరైనా సరిచూసుకోవచ్చు.

దానికి తోడుగా సరుకు గుణం చెప్పే ఇంకో ముక్క కావాలి. ‘గట్టి అట్ట, డజను కట్ట’ అంటే కుదురుతుంది. గట్టి, అట్ట, కట్ట మూడింటిలోనూ రెండో అక్షరం ‘ట్ట’ కుటుంబమే, మూడూ అసలు మాటలే. ఇప్పుడు మొత్తం ఇలా అవుతుంది: ‘గట్టి అట్ట, డజను కట్ట, అరవైది నలభై!’ అట్ట నిజంగా గట్టిగా ఉంటేనే ఈ మాట వాడాలి. పుస్తకం చేత్తో పట్టుకుని మూల వంచి చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. లోపలి కాగితాన్ని పరీక్షించడానికి ఒక మూల పెన్నుతో రాసి పేజీ తిప్పాలి. సిరా వెనక్కి దిగిందంటే పిల్లవాడు ఒకవైపే రాయగలడు. అప్పుడు నలభై పెట్టి కొన్నది సగం పుస్తకమే అవుతుంది. చవక పుస్తకాల్లో ఎక్కువగా వచ్చే లోపం ఇదే. నమూనాగా ఒక పుస్తకం విప్పి కౌంటరు మీద పెట్టి, పక్కనే పెన్ను ఉంచిన దుకాణం మాట నమ్మవచ్చు.

వందల్లోకి వెళ్తే ‘వంద’కు ‘కింద’ చక్కని జత. ‘కంపాస్ బాక్సు వంద కింద’ అంటే అర్థమూ, శబ్దమూ ఒక్కచోటే కుదిరాయి. అదే బ్యాగుల దగ్గరకొచ్చేసరికి చాలామంది ‘నుంచి’ అన్న మాటకు ‘మంచి’ని తగిలిస్తారు: ‘మంచి మంచి బ్యాగులు మూడొందల నుంచి’. ప్రాస బాగుంది, కానీ తల్లిదండ్రులు ఆగి వినాల్సిన చోటు కూడా అదే. ‘నుంచి’ అంటే ఆ ధరకు ఒక్క రకమైనా ఉంటే చాలన్నమాట. అది నర్సరీ పిల్లల చిన్న సంచి కావచ్చు. ఏడో తరగతి పుస్తకాలు పట్టే బ్యాగు ఏడొందలు ఉండవచ్చు. మంచివి మూడొందలకా, మూడొందల నుంచి మొదలై పైకి పోయేవా అన్నది ప్రాస హోరులో వినబడదు.

ఇక్కడ చట్టం కూడా ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో తప్పుదారి పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. తక్కువ ధర ఎర చూపి, ఆ ధరకు అమ్మడానికి సరిపడా సరుకు పెట్టకపోవడం వాటి ప్రకారం తప్పు. సరుకు కొంతే ఉంటే ఆ మాట ప్రకటనలోనే చెప్పాలి. ఫ్లెక్సీ కింద కనీకనబడకుండా నక్షత్రం గుర్తు పెట్టి వదిలేస్తే సరిపోదు.

పన్ను మాట కూడా ఇలాంటిదే. 2025 సెప్టెంబరు 22 నుంచి నోటు పుస్తకాలు, పెన్సిళ్లు, ఎరేజర్లు, షార్ప్‌నర్ల మీద జీఎస్‌టీ సున్నా అయింది. ‘పుస్తకాలపై పన్ను సున్నా, మా షాపే మిన్న’ అని ఎవరైనా రాస్తే అందులో షాపు ఇచ్చింది ఏమీ లేదు. ఆ సున్నా పక్క షాపులోనూ ఉంటుంది.

ప్రాస ఉంటే మాట నిజమనిపిస్తుందా అన్నది మనస్తత్వ శాస్త్రజ్ఞులు పరీక్షించి చూసిన సంగతి. అమెరికాలో మాథ్యూ మెక్‌గ్లోన్, జెసికా తోఫిఘ్‌బఖ్ష్ అనే ఇద్దరు పరిశోధకులు జనానికి అంతగా తెలియని సూక్తులను తీసుకుని, కొందరికి ప్రాసతోనూ, కొందరికి అదే అర్థం ప్రాస లేకుండానూ ఇచ్చారు. ప్రాస ఉన్నవే ఎక్కువ నిజమని చదివినవాళ్లు అన్నారు. ఈ ఫలితం 2000లో అచ్చయింది. మాట ఎంత అందంగా ఉందన్నది పక్కనబెట్టి అర్థాన్నే తూచండి అని ముందుగా చెప్పినప్పుడు మాత్రం ఆ తేడా బాగా తగ్గింది. ఆటో వెళ్లిపోయాక ఇంట్లో కూర్చుని ఆ నినాదాన్నే మామూలు మాటల్లో చెప్పుకుంటే చాలు, ఏమిస్తానన్నారో తేలిపోతుంది.

రాసినదాన్ని మైకుకూ ఫ్లెక్సీకీ విడివిడిగా సరిచూసుకోవాలి. ఆటో గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతే పది సెకన్లలో నలభై మీటర్లు దాటేస్తుంది. వంటింట్లో ఉన్న మనిషి చెవిన స్పష్టంగా పడేది ఆ కాసేపే. అంతలోనే నినాదం రెండుసార్లు వినబడాలి, వెంటనే దుకాణం గుర్తు రావాలి. ‘గట్టి అట్ట, డజను కట్ట, అరవైది నలభై! బస్టాండు ఎదురుగా’ అన్నది ఆ కొలతకు సరిపోతుంది. యజమాని పేరు, వారి నాన్నగారి పేరు, స్థాపించిన సంవత్సరం చేరిస్తే సరిపోదు.

ఫ్లెక్సీ దగ్గర చిక్కు వేరు. బోర్డులు రాసేవాళ్ల లెక్కలో పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం కావాలి. రోడ్డు అవతలి నుంచి, అంటే నలభై అడుగుల నుంచి చదవాలంటే నాలుగు అంగుళాలు. ఆ లెక్క ఇంగ్లిషు అక్షరాలది. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి గనక ఒక్కో వరుసకు దాదాపు రెట్టింపు చోటు పడుతుంది. మూడడుగుల ఎత్తు ఫ్లెక్సీ మీద నాలుగు వరుసలు పడితే గొప్ప. ‘గట్టి’, ‘అట్ట’, ‘కట్ట’ మూడింటి కిందా వత్తులున్నాయి. వాటిని ఒకే వరుసలో ఉంచి, కింద కాస్త ఖాళీ వదిలి, ‘60’ని కొట్టేసి ‘40’ని పెద్దగా అంకెల్లో వేస్తే కంటికి హాయి. మైకులో అక్షరాల్లో పలికిన ధర ఫ్లెక్సీ మీద అంకెల్లోనే ఉండాలి.

బ్యాగులకూ ఒక మాట కావాలంటే ‘జిప్పు పోతే మా తప్పు’ అనవచ్చు. ప్రాస గట్టిది, దాంతోపాటు వచ్చే పూచీ కూడా గట్టిదే. ఎన్ని నెలల్లో పోతే, కొత్త బ్యాగు ఇస్తారా లేక జిప్పే మార్చి ఇస్తారా అన్నది బిల్లు మీద రాసి ఉండాలి. రాయలేమనుకుంటే ఆ నినాదం పలకకూడదు. ఎందుకంటే సెప్టెంబరులో తెగిన జిప్పుతో ఒక నాన్న వచ్చినప్పుడు ఆయనకు గుర్తుండేది ఆ రెండు మాటలే.

డజను కట్టలు అన్నీ అమ్ముడుపోయిన రోజున ‘అరవైది నలభై’ రికార్డింగును ఆటో మైకులోంచి తీసేయాలి. ఫ్లెక్సీ మీద ‘లాంగ్ నోటు పుస్తకాల స్టాకు అయిపోయింది’ అని కాగితం అంటించాలి. జూన్ మూడో వారంలో, జాబితాలో ఇంకా నాలుగు పుస్తకాలు తక్కువై పిల్లవాడి చెయ్యి పట్టుకుని వచ్చే తల్లి మెట్లెక్కకముందే ఆ కాగితం చదువుకుంటుంది.