ఒక ఆర్డరు, రెండు బిల్లులు

విజయవాడలో ఒక దుకాణదారు 3,000 రూపాయల చొప్పున పది మిక్సీలు ఆర్డరు పెట్టాడనుకుందాం. డిస్కౌంటు 1,500, రవాణా 500, ఆపైన జీఎస్టీ 18 శాతం. మొత్తం 34,220.

డీలరు దగ్గర ఆరే ఉన్నాయి. మిగతా నాలుగూ బ్యాక్ ఆర్డరులోకి వెళ్లాయి. సరుకు బయలుదేరేలోపు ఇన్వాయిస్ ఉండాలన్నది జీఎస్టీ నియమం. అందుకే పంపిన ఆరింటికే బిల్లు వేస్తారు. డిస్కౌంటులో వాటి వాటా 900. రవాణా అంతా ఇందులోనే కలిపితే పన్నుతో 20,768 అవుతుంది.

తర్వాత వచ్చే నాలుగింటికి రెండో బిల్లు 13,452. రెండూ కలిపితే మళ్లీ 34,220 రావాలి.

590 ఎక్కువ కనిపిస్తే రవాణా రెండుసార్లు పడినట్టే. డిస్కౌంటంతా మొదటి బిల్లులోనే ఇచ్చేసి, ఆ నాలుగూ రద్దయితే, డీలరు 600 అదనంగా వదులుకున్నట్టు.