బిగుసుకున్న కిటికీ, అరువు స్క్రూడ్రైవర్

చెక్క కిటికీ బిగుసుకుపోవడానికి ముఖ్యంగా రెండు కారణాలు ఉంటాయి. వానాకాలపు తేమకు చెక్క ఉబ్బడం ఒకటి. బందుల స్క్రూలు వదులై రెక్క ఒక పక్కకు వాలడం రెండోది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెక్క ఎక్కడ ఒరుసుకుంటోందో చూస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది.

చెక్క అన్ని వైపులకూ సమానంగా ఉబ్బదు. నార నిలువుగా ఉంటే పొడవులో పెరుగుదల లెక్కలోకి రానంత తక్కువ, వెడల్పులోనే ఎక్కువ. టేకు బాగా నిలకడైన కలప. దానిలో కూడా తేమ ఒక శాతం పెరిగితే పలక వెడల్పు సుమారు 0.2 శాతం పెరుగుతుంది. అంటే 40 సెంటీమీటర్ల వెడల్పున్న రెక్కలో తేమ నాలుగైదు శాతం పెరిగితే అది మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. రెక్కకూ చట్రానికీ మధ్య వడ్రంగి వదిలే సందు కూడా దాదాపు అంతే. కాబట్టి తేమకు బిగుసుకున్న రెక్క పక్కల పట్టేస్తుంది. కింద మాత్రమే పట్టేసిందంటే అనుమానించాల్సింది బందులను.

గోదావరి జిల్లాల్లోని ఒక ఊళ్లో, పాత పెంకుటింట్లో, పదో తరగతి చదివే అమ్మాయికి శ్రావణ మాసంలో ఎదురైన కిటికీ ఈ రెండో రకానిది. దానికి బయటి వైపు ఇనుప ఊచలు, లోపలికి తెరుచుకునే రెండు రెక్కలు ఉన్నాయి. కుడి రెక్క మామూలుగానే వస్తోంది. ఎడమ రెక్క కదలడం లేదు. ఇంట్లోవాళ్లు దాన్ని గుద్ది చూశారు, గడియ పట్టుకుని లాగి చూశారు. ఆ లాగుడుకు గడియ కూడా కాస్త వదులైంది.

ఆ అమ్మాయి ముందు లాగడం మానేసి, నోటుబుక్కులోంచి ఒక కాగితం చించి రెక్క చుట్టూ సందులో జరుపుతూ వచ్చింది. పైన కాగితం సులువుగా జారింది. పైగా గడియ వైపు వెళ్లేకొద్దీ సందు పెద్దదైంది. పక్కల కొంచెం పట్టినా జారింది. కింద, గడియ వైపు మూలలో మాత్రం అసలు దూరలేదు. పైన సందు, కింది మూలలో ఒరుపు కలిసి కనిపిస్తే పై బందు సడలినట్టే. దీని లెక్క కష్టమైనది కాదు. రెండు బందుల మధ్య దూరం 60 సెంటీమీటర్లు, రెక్క వెడల్పు 40 సెంటీమీటర్లు అనుకుందాం. పై బందు చట్రం నుంచి 3 మిల్లీమీటర్లు బయటికి వస్తే అవతలి మూల 2 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. కింది అడ్డచెక్కకు తగిలి బిగుసుకోవడానికి అది చాలు.

ఇలాంటి రెక్కను లాగడం కన్నా ఎత్తడం మేలు. కుడి రెక్క తెరిచే ఉంది కాబట్టి ఎడమ రెక్క అంచు చేతికి అందింది. పైన ఎలాగూ సందుంది. అంచును రెండు చేతులతో పైకెత్తి, అలాగే నెమ్మదిగా లోపలికి తీస్తే రెక్క వచ్చేసింది. తెరిచాక పై బందు బాగోతం బయటపడింది. చట్రం వైపు ఉండాల్సిన మూడు స్క్రూలలో రెండు వేలితో తిప్పినా తిరుగుతున్నాయి. మూడోది తుప్పు పట్టి, దాని గాడి రంగుతో పూడిపోయింది.

ఇంట్లో ఉన్నది కరెంటు చూసే టెస్టర్ ఒకటే. టెస్టర్‌తో స్క్రూలు తిప్పడం మన ఇళ్లలో బాగా పాతుకుపోయిన అలవాటు, చాలా స్క్రూల తలలు అరిగిపోయేది దానివల్లే. కొన సన్నగా ఉండడంతో అది గాడిలో సగమే నిండుతుంది, బలం పెట్టగానే జారి అంచును కోసేస్తుంది. గాడి వెడల్పుకూ మందానికీ సరిపోయే కొన ఉన్న స్క్రూడ్రైవర్ కావాలి. అది ఎదురింట్లో, మోటార్లు బాగుచేసే ఆయన దగ్గర దొరికింది.

“బాబాయ్, పెద్ద స్క్రూడ్రైవర్ ఒకసారి ఇస్తారా? రేపు తెచ్చిచ్చేస్తా.”

“తీసుకెళ్లమ్మా. తిప్పడానికే వాడు, దాంతో దేన్నీ పెకలించకు. కొన విరిగిందంటే ఇంక పనికిరాదు.”

బందు విప్పేముందు తెరిచిన రెక్క కింద చెక్కముక్కలు పేర్చి ఎత్తు సరిచేసుకోవాలి. లేకపోతే బరువంతా కింది బందు మీద పడి అదీ ఊడుతుంది. రెండు బందులనూ ఒకేసారి విప్పకూడదు. వదులుగా ఉన్న స్క్రూలు రెండూ తేలిగ్గానే వచ్చాయి. సమయం తీసుకున్నది మూడోదే. ఆమె మొదట మేకు కొనతో గాడిలోని రంగును గీకి తీసింది, తర్వాత తల చుట్టూ రెండు చుక్కల కిరోసిన్ వేసి రాత్రంతా వదిలేసింది. కిరోసిన్ తుప్పు సందుల్లోకి ఇంకడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. పొద్దున స్క్రూడ్రైవర్‌ను నిటారుగా పెట్టి, ఒంటి బరువంతా దాని మీద మోపి, ముందు బిగించే వైపుకే కొద్దిగా తిప్పింది. అలా చేస్తే తుప్పు పట్టు విడిపోతుంది. చిన్న చప్పుడుతో స్క్రూ కదిలాక విప్పే వైపుకు పావు చుట్టు తిప్పి, మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకు తిప్పుతూ తీసింది. కొన జారుతున్నట్టు అనిపిస్తే అక్కడే ఆగాలి. గాడి ఒకసారి చెడితే ఆ స్క్రూను తీయడం వడ్రంగికి కూడా కష్టమే.

రంధ్రాలు పెద్దవైపోయాక అవే స్క్రూలను మళ్లీ బిగిస్తే నాలుగు రోజులు కూడా నిలవవు. మరకు కరిచిపట్టుకోవడానికి చెక్క ఉండాలి. అగ్గిపుల్లల తలలు తుంచేసి, చెక్క బంకలో ముంచి, ఒక్కో రంధ్రంలో పట్టినన్ని దూర్చి, పైకి మిగిలినదాన్ని కోసేస్తే సరిపోతుంది. బంక పూర్తిగా ఆరాలి. వానాకాలంలో అందుకు ఒక రోజు పడుతుంది. తొందరపడితే పుల్లలు స్క్రూతో పాటే తిరుగుతాయి. స్క్రూడ్రైవర్ మరో రోజు ఉంచుకుంటానని బాబాయికి కబురు పెట్టాల్సి వచ్చింది. ఆమె పాత అంగుళం స్క్రూలకు బదులు అంగుళంపావు కొత్తవి తెచ్చి, మరకు కాస్త సబ్బు రాసి బిగించింది. సబ్బు రాస్తే స్క్రూ సాఫీగా దిగుతుంది, చెక్క చీలదు. మూడింటినీ సగం వరకు దించి, రెక్క సరిగ్గా నిలబడిందో లేదో చూసుకున్నాకే పూర్తిగా బిగించడం పద్ధతి.

అప్పటికీ కింది మూల కొద్దిగా తగులుతూనే ఉంది. అడ్డచెక్క మీద సుద్ద రుద్ది రెక్క మూసి తెరిస్తే, తగిలేచోట సుద్ద అంటుకుంది. అక్కడ మాత్రమే ఉప్పుకాగితంతో నాలుగుసార్లు రుద్ది, కొవ్వొత్తి మైనం రాస్తే ఒరుపు పోయింది. పక్కల ఉన్న కొద్దిపాటి పట్టును ఆమె ముట్టుకోలేదు, అదే సరైన పని. ఆ పట్టు తేమ వల్ల వచ్చింది. వానల్లో చిత్రిక పట్టించిన రెక్క ఎండాకాలం వచ్చేసరికి కుంచించుకుపోయి వేలెడు సందు చూపిస్తుంది.

స్క్రూడ్రైవర్‌తో బాగుపడని కిటికీలు కూడా ఉన్నాయి. చట్రం మూల నుంచి మూలకు రెండు వైపులా తాడు పట్టి కొలిచినప్పుడు కొలతలు తేడా వస్తే గోడ కుంగి చట్రమే వంకర పోయిందని అర్థం. బందు దగ్గర చెక్కను మేకుతో గుచ్చితే మెత్తగా దిగబడినా, పొట్టులా రాలినా ఆ చెక్క పాడైనట్టే. అలాంటి చెక్కలో అగ్గిపుల్లలు ఎన్ని దూర్చినా లాభం లేదు, వడ్రంగిని పిలిచి ఆ ముక్క మార్పించాలి.

రెక్క పై అంచుకూ కింది అంచుకూ సాధారణంగా ఎవరూ రంగు వేయరు. బయటికి కనిపించవు కదా. నార కొనలు తెరుచుకుని ఉండే ఆ అంచుల నుంచే చెక్క తేమను ఎక్కువగా పీలుస్తుంది. చెక్క బాగా ఎండి ఉండే చైత్ర, వైశాఖ మాసాల్లో రెక్కను దింపి ఆ రెండు అంచులకూ రెండు పూతలు వేస్తే వచ్చే వానలకు పక్కల పట్టు తగ్గుతుంది.