ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, గుప్పెడు పల్లీలు

రోజూ పొద్దున్నే మైదానంలో పరుగెత్తే అమ్మాయి నెల తప్పిందని తెలియగానే ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "ఇక అడుగు కదపొద్దు." రెండోది, "ఇద్దరికి సరిపడా తిను." రెండూ ప్రేమతో చెప్పేవే. కానీ రెండింటినీ కలిపి పాటిస్తే లెక్క తప్పుతుంది.

ఒక స్కూల్లో పీఈటీగా పనిచేసే, 55 కిలోల బరువున్న మహిళను ఉదాహరణగా తీసుకుందాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం, మోస్తరు శ్రమ చేసే అంత బరువు మహిళకు రోజుకు 2130 కేలరీలు కావాలి. ఎక్కువసేపు కూర్చునే పని అయితే 1660 చాలు. గర్భిణికి దీనిపై మరో 350 కేలరీలు కలపాలి. పీఈటీ తన పని, ఆట కొనసాగిస్తే అవసరం 2480 అవుతుంది. సెలవు పెట్టి ఇంట్లోనే ఉండిపోతే 2010. అంటే అన్నీ మానేసి కూర్చుంటే, కడుపుతో ఉన్నా సరే, ఆమెకు కావలసింది మునుపటికంటే 120 కేలరీలు తక్కువే! అలాంటప్పుడు ఇద్దరి భోజనం తింటే అదంతా ఒంటికి చేరుతుంది.

ఇంతకూ ఆ 350 కేలరీలు ఎంత తిండి? ఒక గ్లాసు పాలు, ఒక ఉడికించిన గుడ్డు, గుప్పెడు పల్లీలు. అంతే. అదీ నాలుగో నెల నుంచే అవసరం పడుతుంది. తొలి మూడు నెలల్లో మామూలు భోజనం సరిపోతుంది.

ప్రొటీన్ కూడా ఇందులోనే చాలావరకు వచ్చేస్తుంది. ఈ మూడింట్లో కలిపి 19 గ్రాముల దాకా ఉంటుంది. మామూలు రోజుల్లో ఆ పీఈటీకి సుమారు 46 గ్రాములు కావాలి. నాలుగు నుంచి ఆరో నెల వరకు దానిపై మరో 9.5 గ్రాములు, చివరి మూడు నెలల్లో 22 గ్రాములు అదనం. చివర్లో మిగిలే లోటును ఒక కప్పు పెరుగు పూడుస్తుంది. గుడ్డు తినని వాళ్లు పప్పు, సెనగలు, పనీరు పెంచుకోవచ్చు. వ్యాయామం చేసేవాళ్లు అలవాటుగా వాడే ప్రొటీన్ పొడులు గర్భిణులకు అక్కర్లేదు. డాక్టరు ప్రత్యేకంగా రాస్తే తప్ప ఆ డబ్బాను పక్కన పెట్టడమే మేలు.

దీనికి ఎదురు తప్పు చేసేవాళ్లూ ఉన్నారు. లావైపోతామన్న భయంతో వ్యాయామం ఆపరు, తిండి పెంచరు. ఆ తేడాను బరువు చూపిస్తుంది. నాలుగో నెల నుంచి నెలకు కిలోన్నర, రెండు కిలోలు పెరగాలి. నెల గడిచినా కిలో కూడా పెరగకపోతే డాక్టరుకు చెప్పాలి. వ్యాయామం కొనసాగించడానికీ ఆమె అనుమతి ఉండాలి.

అయితే వేవిళ్ళు మొదలైతే ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి. చాలామందికి ఆరో వారంలో మొదలై, పద్నాలుగు పదహారు వారాలకు తగ్గుతాయి. కడుపు ఖాళీగా ఉంటే వికారం పెరుగుతుంది. కాబట్టి మంచం దిగకముందే నాలుగు మరమరాలో, ఒక రస్కో నమిలి, పావుగంట ఆగి లేవాలి. ఆ తర్వాత రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తినాలి. పోపు వాసన పడకపోతే చల్లారిన ఇడ్లీ, పెరుగన్నం తినొచ్చు. పరగడుపున పరుగు వద్దు. వికారం తక్కువగా ఉండే సాయంత్రానికి నడకను మార్చుకోవచ్చు. నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం ముదురు రంగులో కొద్దికొద్దిగా వస్తున్నా, 55 కిలోల మనిషి రెండున్నర మూడు కిలోలు తగ్గినా మామూలు వేవిళ్ళని సరిపెట్టుకోకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

ఇక ఆరోగ్యం కోసమని అలవాటైన కొన్ని పదార్థాలే ఇప్పుడు జాగ్రత్తగా చూడాల్సినవి. మొలకలు అందులో మొదటివి. గింజలు మొలకెత్తడానికి కావలసిన తడి, వెచ్చదనం సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియాకూ సరిగ్గా సరిపోతాయి. కడిగితే అది పోదు, బాగా ఉడికించాలి. పచ్చి గుడ్డు కలిపిన షేక్, సగం ఉడికిన గుడ్డు మానేయాలి. తెల్లసొనతో పాటు పచ్చసొన కూడా గట్టిపడేదాకా ఉడికించాలి. పాడి నుంచి తెచ్చిన పాలు కాచకుండా తాగకూడదు. పచ్చిపాలల్లో ఉండగల లిస్టీరియా తల్లికి జ్వరంలా వచ్చి పోయినా, గర్భస్రావానికి దారితీయవచ్చు. ఆ బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరుగుతుంది. అందుకే ఫ్రిజ్‌లోని కూరను పొగలు వచ్చేలా వేడి చేశాకే తినాలి.

కాఫీ, టీ అన్నీ కలిపి రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదు. జిమ్‌కు ముందు తాగే ఉత్తేజక పొడుల్లో కొన్నింటిలో ఒక్క మోతాదులోనే అంత ఉంటుంది. అలాంటి డబ్బా ఇంట్లో ఉంటే, తొలిసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు దాన్ని వెంట తీసుకెళ్లి చూపించండి.