హాలు మార్చారా? అడ్వాన్సు అడగండి

పెళ్లికి నెల ముందు ఫంక్షన్ హాలు మేనేజరు ఫోను: "పెద్ద హాలు కుదరదండీ, మేడ మీద మినీ హాలు ఇస్తాం." శుభలేఖలు పంచేశాక ఎవరైనా "సరేలెండి" అనేస్తారు. ఆ మాటే కొంప ముంచుతుంది, మార్పుకు ఒప్పుకున్నట్టవుతుంది. ఒప్పుకోనని, కట్టిన 50,000 రూపాయలు ఫలానా తేదీలోగా తిరిగివ్వాలని వాట్సాప్‌లో రాయండి, స్పీడ్ పోస్టులోనూ పంపండి. రసీదు వెనక "అడ్వాన్సు వాపసు ఇవ్వబడదు" అని చూపిస్తారు. అది మీరు మానుకుంటే చూపాల్సిన షరతు. మాట తప్పింది వాళ్లే అయినప్పుడు కమిషన్ ముందు అది నిలవడం కష్టం.

అప్పటికీ ఇవ్వకపోతే 1915కు ఫోను చేయండి. అక్కడా తేలకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. వేరే హాలుకు ఎక్కువ కట్టి ఉంటే, బిల్లు జతచేసి ఆ తేడా కూడా అడగండి.