గీత చెదరకుండా స్వరం దిద్దాలంటే

చర్చి క్వాయర్లలో పాడేవాళ్లకు స్టాఫ్ నొటేషన్ చాలావరకు స్కాన్ చేసిన పేజీల రూపంలోనే దొరుకుతుంది. అందులో ఒక స్వరం తప్పుంటే చాలామంది తెల్లరంగుతో చెరిపేసి, తెగిన ఐదు గీతలను మౌసుతో మళ్లీ గీస్తారు. ఆ గీతలు మరీ నల్లగా, నున్నగా వచ్చి అతుకు ఇట్టే కనబడిపోతుంది. అసలు చెరపకూడదు. అదే వరసలో స్వరాలు లేని చోటు నుంచి ఐదు గీతల ముక్క తెచ్చి తప్పు మీద కప్పాలి.

ఒక్క గొంతు పాడే వరసలో, కింది నుంచి రెండో ఖాళీలో ఉన్న క్వార్టర్ నోట్‌ను నడిమి గీత మీదికి ఎక్కించాలనుకుందాం. 600 dpi స్కాన్‌లో 7 మిల్లీమీటర్ల స్టాఫ్ సుమారు 165 పిక్సెళ్ల ఎత్తుంటుంది. ఒక మెట్టు పైకంటే 20 పిక్సెళ్లే. పేజీ ఒక డిగ్రీ వాలి ఉన్నా, అంగుళం జరిగేసరికి గీత 10 పిక్సెళ్లు తప్పుతుంది. అందుకే ముందు పేజీని నిటారు చేసి, ఖాళీ ముక్కను వీలైనంత దగ్గర నుంచే తీసుకోవాలి. పాత స్వరం కాడ పై గీతను కూడా దాటి ఉంటుంది కాబట్టి ముక్క అంత ఎత్తూ ఉండాలి. GIMPలో దాన్ని కొత్త లేయర్‌గా అతికించి, బాణం మీటలతో ఒక్కో పిక్సెల్ జరుపుతూ గీతలు కలపండి.

ఇక కొత్త స్వరం. అదే పేజీలో నడిమి గీత మీద అలాంటి నోట్ ఉంటే, గీతలతో సహా కోసి తెచ్చుకోవడమే మేలు. లేకపోతే పాతదాన్నే వేరే లేయర్‌లోకి తీసి, తలకూ కాడకూ అంటుకున్న గీతల తునకలు తుడిచేయాలి. రెండో ఖాళీలో పైకున్న కాడ నడిమి గీత మీద మామూలుగా కిందికి దిగుతుంది. దీనికి Rotate 180° వాడితే కాడ ఎడమవైపు కిందికి వస్తుంది, తల వాలు మారదు. అద్దంలో తిప్పినట్టు తలకిందులు చేస్తే ఆ వాలు తిరగబడుతుంది. లేయర్ మోడ్ Multiply పెడితే తెలుపు మాయమై కింది గీతలు కనిపిస్తాయి. తోక ఉన్న ఎయిత్ నోట్‌కు మాత్రం ఈ చిట్కా పనికిరాదు. తోక ఎప్పుడూ కాడకు కుడివైపే ఉండాలి, తిప్పితే ఎడమకు పోతుంది. ఒకే స్టాఫ్‌లో రెండు గొంతులుంటే కాడల దిశ గొంతును బట్టి ఉంటుంది, దాన్ని మార్చొద్దు.

సాహిత్యం స్టాఫ్ కింద ఉంటుంది కనుక అక్కడ గీతల బెడద లేదు. కొత్త ఫాంటులో టైపు చేస్తే మాత్రం పాత అచ్చుతో కలవదు. కావలసిన అక్షరాన్ని వత్తుతో సహా అదే పేజీలో వెతికి తెచ్చి, పక్క అక్షరాల అడుగుకు సమంగా, ఆ స్వరం కిందే నిలపాలి.

చివరికి పేజీని 400 శాతానికి పెంచి, అతికించిన లేయర్‌ను మార్చి మార్చి దాచి, చూపించండి. స్వరం మారాలి, గీతలు మాత్రం ఎగరకూడదు. ఎగిరితే ఇంకో పిక్సెల్ జరపండి. దాచేది PNGగానే. JPG అయితే గీతల చుట్టూ బూడిదరంగు మచ్చలు చేరతాయి.